ఐదు నిమిషాల్లో రాసేలా అడగండి: పాత టీమ్ లీడ్ నుంచి లింక్డ్‌ఇన్ రికమండేషన్

ప్రశ్న: ఒక సర్వీస్ కంపెనీలో నాలుగేళ్లు టెస్టర్‌గా చేశాను. ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను, ఆటోమేషన్ ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్నాను. మా పాత టీమ్ లీడ్‌ని లింక్డ్‌ఇన్‌లో రికమండేషన్ అడిగితే “తప్పకుండా రాస్తాను” అన్నారు. నెలన్నర అయింది, రాలేదు. మళ్లీ అడగాలంటే మొహమాటంగా ఉంది. నేనే రాసి పంపేస్తే తప్పా? అసలు ఎలా అడగాలి?

సమాధానం:

ఆయన తప్పించుకోవడం లేదు. ఒకసారి తెరిచి చూసి, ఏం రాయాలో తోచక, తర్వాత చూద్దాంలే అని మూసేసి ఉంటారు. ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే, ఆయన కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఐటీలో 16 ఏళ్లు, అందులో సగానికి పైగా టీమ్‌లు చూసుకోవడమే పని. ఇలాంటి రిక్వెస్టులు నాకు చాలా వచ్చాయి. వాటిలో ఎన్నింటికి రాశానో చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. రాయని వాళ్లలో నాకు నచ్చనివాళ్లు ఒకరో ఇద్దరో. మిగతా అందరి విషయంలోనూ జరిగింది ఒకటే: మనిషి బాగా గుర్తున్నాడు, మంచివాడని గుర్తుంది, కానీ రాయడానికి పనికొచ్చే ఒక్క సంగతి ఆ నిమిషంలో తట్టలేదు.

మీరు బటన్ నొక్కాక అవతల ఏం కనిపిస్తుందో చూడండి. ఆయన లింక్డ్‌ఇన్ ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్ పడుతుంది. దాని పైనా కిందా రిక్రూటర్ల మెసేజ్‌లు, కోర్సులు అమ్మేవాళ్ల మెసేజ్‌లు. మీరు సొంతంగా ఏమీ రాయకపోతే సైట్ ముందే నింపి పెట్టిన మాటలే వెళ్తాయి, అంటే “నాకు రికమండేషన్ రాస్తారా” అన్న ఒక్క వాక్యం. ఆయన లంచ్ బ్రేక్‌లో ఫోన్‌లో దాన్ని నొక్కుతారు. మీతో సంబంధం ఏమిటో, ఆ రోజుల్లో హోదా ఏమిటో ఎంచుకోమంటుంది. తర్వాత ఖాళీ పెట్టె. అందులో 3000 అక్షరాల దాకా పడతాయి. ఎంత రాయాలో ఎవరూ చెప్పలేదు, దేని గురించి రాయాలో చెప్పలేదు. పైగా అది తన పేరు, ఫోటోతో అందరికీ కనిపించేది. మనవాళ్లలో చాలామంది లీడ్‌లకి రోజూ ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాయడం అలవాటే. కానీ పదిమంది చదివే చోట ఒక మనిషి గురించి పేరా రాయమంటే మాత్రం లోపల చిన్న బెరుకు ఉంటుంది, బయటికి చెప్పరు. “వీకెండ్‌లో ప్రశాంతంగా రాద్దాం” అనుకుంటారు. ఆ వీకెండ్ రాదు.

కాబట్టి మీరు తగ్గించాల్సింది ఆయన మొహమాటాన్నో మీ మొహమాటాన్నో కాదు, ఆ ఖాళీ పెట్టెని. గుర్తుతెచ్చుకునే పని ఆయన మీద వేయకుండా మీరు చేసిపెట్టాలి. ఎంత రాయాలో, దేని గురించి రాయాలో ముందే చెప్పేయాలి. ఇవి రెండూ జరిగితే అరగంట పని ఐదు నిమిషాలకి దిగుతుంది. ఐదు నిమిషాల పనిని ఎవరూ వీకెండ్‌కి వాయిదా వేయరు.

నన్ను ఇలా సరిగ్గా అడిగింది ఇప్పటిదాకా ఒక్కరే. మా టీమ్‌లో టెస్టింగ్ చేసి వెళ్లిపోయిన అమ్మాయి. వెళ్లిన ఏడాదికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. మీదీ దాదాపు అదే పరిస్థితి కాబట్టి, ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

> “అన్నా, బాగున్నారా? చిన్న సాయం అడగాలి. ఆటోమేషన్ ఉద్యోగాలకి చూస్తున్నాను. నా ప్రొఫైల్‌లో మాన్యువల్ టెస్టింగ్ తప్ప ఏమీ కనిపించట్లేదు. మన బిల్లింగ్ ప్రాజెక్టులో నేను రిగ్రెషన్ ఆటోమేట్ చేశాను కదా, దాని గురించి లింక్డ్‌ఇన్‌లో నాలుగు వాక్యాలు రాయగలరా? సరే అంటే మీకు గుర్తు ఉండటానికి వివరాలు పంపిస్తాను. ఇప్పుడు కుదరకపోయినా, కంపెనీ రూల్స్ ఒప్పుకోకపోయినా ఏం ఫర్వాలేదన్నా, చెప్పేయండి.”

నేను “పంపించు” అన్నాను. అంతే, ఒక్క పదం. ఆమె నన్ను అడిగింది రికమండేషన్ రాయమని కాదు, అవునో కాదో చెప్పమని. దానికి ఆలోచించాల్సింది ఏముంది? పది నిమిషాల్లో రెండో మెసేజ్ వచ్చింది:

> “థాంక్స్ అన్నా. మీ గుర్తు కోసం:
>
> ప్రతి రిలీజ్‌కి ముందు ఇద్దరం రెండు రోజులు కూర్చుని రిగ్రెషన్ చేతితో చేసేవాళ్లం. నేను సెలీనియంలో 140 కేసులు రాశాక రాత్రి నడిపితే పొద్దున్నకి రిపోర్ట్ వచ్చేది.
>
> దసరా ముందు రిలీజ్‌లో డిస్కౌంట్ ఉన్న బిల్లుల మీద పన్ను తప్పు పడటాన్ని అదే పట్టుకుంది. ఆ పొద్దున్న డెవలపర్లతో మీరే కాల్ పెట్టారు.
>
> వీటిలో మీకు ఏది బాగా గుర్తుంటే అది ఒక్కటి రాసినా చాలు. ముందు ఎలా ఉండేది, తర్వాత ఏం మారింది, నాతో పనిచేయడం మీకు ఎలా అనిపించింది. క్లయింట్ పేరు మాత్రం వద్దన్నా. వచ్చే ఆదివారం లోపు అయితే నాకు బాగా పనికొస్తుంది. లింక్డ్‌ఇన్‌లో రిక్వెస్ట్ కూడా ఇప్పుడే పంపాను, ఇదే మెసేజ్ అందులోనూ ఉంది.”

ఇది వచ్చినప్పుడు నేను మా పాపని సంగీతం క్లాసులో దింపి బయట కారులో కూర్చున్నాను. దసరా, పన్ను అన్న రెండు మాటలు చదవగానే ఆ పొద్దున్న మొత్తం కళ్ల ముందుకి వచ్చింది. ఆ కాల్‌లో డెవలపర్ “టెస్ట్ డేటానే తప్పు అయ్యుంటుంది” అని వాదించాడు. ఈ అమ్మాయి గొంతు పెంచకుండా మూడు బిల్లులు తెర మీద పెట్టి, లెక్క చేతితో వేసి చూపించింది. ఆ సంగతి ఆమె మెసేజ్‌లో లేదు. అది నాకు మాత్రమే తెలిసింది, నాకే గుర్తొచ్చింది. నేను రాసిందాంట్లో అన్నిటికంటే మంచి వాక్యం అదే అయింది. క్లాసు అయ్యేలోపు రాసి పంపేశాను. ఇంగ్లిష్‌లో రాసినదాని సారం ఇది:

> “మా బిల్లింగ్ ప్రాజెక్టులో రిగ్రెషన్‌కి ఇద్దరికి రెండు రోజులు పట్టేది. ఆమె దాన్ని ఆటోమేట్ చేశాక పొద్దున్నే రిపోర్ట్ చేతిలో ఉండేది. ఒక పెద్ద రిలీజ్‌కి ముందు అది పన్ను లెక్కలో తప్పు పట్టుకుంది. తప్పు డేటాది అని అందరం అనుకుంటున్నప్పుడు ఆమె మూడు బిల్లులు చేతితో లెక్కగట్టి చూపించి, ఐదు నిమిషాల్లో వాదన ముగించింది. అప్పటి నుంచి ఆమె రిపోర్ట్‌లో ఎర్ర గీత కనిపిస్తే మేం ముందు కోడ్‌నే చూసేవాళ్లం.”

ఐదు వాక్యాలు. “హార్డ్ వర్కింగ్”, “టీమ్ ప్లేయర్” లాంటివి ఒక్కటీ లేవు. రాయకూడదని నియమం పెట్టుకుని కాదు, చెప్పడానికి అసలు సంగతి చేతిలో ఉంది కాబట్టి వాటి అవసరం రాలేదు. చెప్పడానికి ఏమీ లేనప్పుడే మనం ఆ పదాల వెనక దాక్కుంటాం. నా సొంత ప్రొఫైల్‌లోనూ అలాంటిది ఒకటి ఉండేది. ఉద్యోగం మారే తొందరలో ఒకే రాత్రి తొమ్మిది మందికి బటన్ నొక్కేశాను. వచ్చినవి రెండు. వాటిలో ఒకటి నన్ను “విలువైన రిసోర్స్” అంది. ఆయన్ని తప్పుపట్టలేను, నేను ఆయనకి ఇచ్చిన సరుకు అంతే.

ఆమె మెసేజ్‌లో మీరు పట్టుకోవాల్సింది మాటలు కాదు, ఎంపిక. నాలుగేళ్ల పని గురించి అడగలేదు. తన ప్రొఫైల్‌లో ఉన్న లోటు ఏమిటో చూసుకుంది, ఆ లోటు పూడ్చే ఒక్క సంగతిని ఎంచుకుంది, అది కళ్లారా చూసిన మనిషిని అడిగింది. మీరూ మీ ప్రొఫైల్‌ని ఒకసారి ఉద్యోగం ఇచ్చేవాడి కళ్లతో చదవండి. “ఇతను మాన్యువల్ టెస్టరే కదా, కోడ్ రాయగలడా?” అన్నది అతని అనుమానం అయితే, మీ ఓర్పు గురించి, సమయపాలన గురించి లీడ్ ఎంత రాసినా ఆ అనుమానం తీరదు. మీ స్క్రిప్ట్ ఒకటి పనిచేయడం చూసినవాడి మాట కావాలి.

ఇక్కడ ఒక మాట. అలా చూసినవాడు మీ లీడే కానక్కర్లేదు. మీరు రాసిన ఆటోమేషన్‌ని పొద్దున్నే నడుపుకుని, అందులో ఫెయిల్ అయినవి సరిదిద్దుకున్న డెవలపర్ ఎవరైనా ఉంటే, అతని నాలుగు వాక్యాలు మేనేజర్ పేరాకంటే నా దృష్టిలో ఎక్కువ విలువైనవి. మనవాళ్లు హోదా చూసి అడుగుతారు. డెలివరీ హెడ్ రాస్తే గొప్ప అనుకుంటారు. ఆ డెలివరీ హెడ్ మిమ్మల్ని క్వార్టర్లీ మీటింగ్‌లో రెండుసార్లు చూసి ఉంటారు. రాసినా “విలువైన రిసోర్స్” అనే రాస్తారు.

ఇక మీ సంగతి. మీరు ఒకసారి అడిగేశారు కాబట్టి రెండోసారి అడగడం కష్టం అనుకుంటున్నారు. నిజానికి ఇదే తేలిక, ఎందుకంటే ఆయన ఒప్పుకున్నారు, చేయలేదన్న చిన్న గిల్టీ ఆయనకీ ఉంటుంది. “ఏమైందన్నా, రాయలేదు” అంటే ఆ గిల్టీ పెరిగి మీ మెసేజ్ తెరవడమే మానేస్తారు. తప్పు మీ మీద వేసుకోండి, అది అబద్ధం కూడా కాదు:

> “అన్నా, మొన్న రికమండేషన్ అని ఊరికే బటన్ నొక్కి పంపేశాను, ఏం రాయాలో చెప్పనేలేదు. సారీ. నాకు కావాల్సింది నాలుగు వాక్యాలే, అదీ ఒక్క విషయం గురించే. గుర్తు చేయడానికి రెండు పాయింట్లు కింద పెడుతున్నాను…”

ఈసారి మళ్లీ అనుమతి అడగాల్సిన పని లేదు, అది ముందే వచ్చేసింది. నేరుగా పాయింట్లు పెట్టేయండి. ఆయన్ని ఆఫీసులో సర్ అనేవారైతే సర్ అనే రాయండి, అన్నా అనేవారైతే అన్నా. సాయం అడుగుతున్నాం కదా అని కొత్తగా “రెస్పెక్టెడ్ సర్” మొదలుపెడితే ఆయనకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

పాయింట్లు రాసేటప్పుడు రెండు, మహా అయితే మూడు. ప్రతిదాంట్లో ఆయనకి ఆ రోజు గుర్తొచ్చే ఆనవాలు ఒకటి ఉండాలి: పండగ, రాత్రి పూట కాల్, ఫలానా మీటింగ్ రూమ్, ఆయన అన్న మాట. “2022-23లో ఆటోమేషన్ ఫ్రేమ్‌వర్క్ అభివృద్ధిలో కీలక పాత్ర పోషించాను” అని రెజ్యూమె భాషలో రాస్తే ఆయన బుర్రలో ఏ బొమ్మా పడదు. అంకెలు మీకు ఖాయంగా తెలిసినవే ఇవ్వండి. 140 కేసులు అని మీరు రాస్తే ఆయన తన పేరు మీద అదే చెప్తారు. రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా ఆ 140లో ఎన్ని తరచూ ఊరికే ఫెయిల్ అయ్యేవి అని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు. ఆ అమ్మాయిని నిజంగానే ఒక చోట ఆ పన్ను తప్పు గురించే పావుగంట అడిగారట. రికమండేషన్ చదివే అడిగారు. ఆమెకి అది బాగా వచ్చిన పాఠం, ఇబ్బంది పడలేదు.

“నేనే రాసి పంపితే తప్పా” అన్నారు. తప్పని అనను, కానీ మీరుగా ముందే పంపకండి. కారణం చెప్తాను. పూర్తిగా రాసిన పేరా చేతికి వస్తే ఏ లీడైనా చేసే పని కాపీ, పేస్ట్. ఆ మూడు బిల్లుల సంగతి లాంటిది, మీకు తెలియనిది, ఆయనకే గుర్తున్నది, ఇక బయటికి రాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ముగ్గురు మనుషులకి మీరే రాసి పంపితే ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడతారు. ఒకటే రకం వాక్యం, ఒకే విశేషణం, మీ ప్రొఫైల్ మీద మీరు రాసుకున్న పరిచయంలోనూ అదే విశేషణం. రోజూ ప్రొఫైల్స్ చూసేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది.

అయితే మన దగ్గర “నువ్వే రాసి పంపు, పెట్టేస్తాను” అనే పెద్దమనుషులు ఎక్కువ. అలా అన్నప్పుడు కాదనకండి. మూడు వాక్యాలు రాయండి, జరిగింది జరిగినట్టు, పొగడ్త లేకుండా. నాలుగో వాక్యం దగ్గర ఖాళీ వదిలి “ఇక్కడ నాతో పనిచేయడం గురించి మీ మాటల్లో ఒక్క లైన్ అన్నా, నా గురించి నేను రాసుకోవడం బాగోదు కదా” అనండి. మన సంస్కారంలో ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పరు. ఆ ఒక్క లైన్‌తో అది ఆయన రాసినది అవుతుంది. ఆయన చూడని పని ఏదీ ఆ మూడు వాక్యాల్లో ఉండకూడదు.

ఇంగ్లిష్ దగ్గర జంకేవాళ్లకి నా దగ్గర వేరే ఉపాయం ఉంది. రాయమని అడగను, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటాను. “ఆ దసరా రిలీజ్ అప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తున్నది ఒక నిమిషం మాట్లాడి పంపండి, తెలుగులోనే.” మాట్లాడటం దగ్గర మనవాళ్లకి అడ్డే లేదు, మూడు నిమిషాలు వస్తుంది. దాన్ని విని నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు చేసి తిరిగి పంపండి, ఆయన అన్న మాటలు దాటకుండా. ఆయన చదివి, మార్చుకుని, పేస్ట్ చేస్తారు. డ్రాఫ్ట్ మీదే అయినా సరుకు ఆయనది. మా పాత లీడ్‌లలో ఒకాయన ఇలా పంపిన వాయిస్ మెసేజ్‌లో నా గురించి ఆయనకి అంత మంచి అభిప్రాయం ఉందని నాకు మొదటిసారి తెలిసింది. అది ఇప్పటికీ ఫోన్‌లో దాచుకున్నాను.

ఇక సైట్‌లో చేయాల్సింది. ఇది చిన్న పనే కానీ ఇక్కడ జరిగే పొరపాట్ల వల్ల చేతికొచ్చిన రికమండేషన్ పాడవడం చూశాను. ముందు మీ ప్రొఫైల్‌లో ఆ పాత కంపెనీ, ఆ హోదా సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. రిక్వెస్ట్ పంపేటప్పుడు “అప్పుడు నీ హోదా ఏమిటి” అని అడిగి, మీ ప్రొఫైల్‌లో ఉన్నవాటిలోంచే ఎంచుకోమంటుంది. తొందరలో ఇప్పటి ఉద్యోగాన్ని ఎంచుకుంటే, పాత కంపెనీలో చేసిన పని ఇప్పటి ఉద్యోగంతో ముడిపడుతుంది. ఆయన మీ ఫస్ట్ డిగ్రీ కనెక్షన్ అయి ఉండాలి, లేకపోతే అడగడమే కుదరదు. తర్వాత ఆయన ప్రొఫైల్ తెరిచి `More` నొక్కితే `Request a recommendation` కనిపిస్తుంది. సంబంధం, హోదా ఎంచుకున్నాక వచ్చే మెసేజ్ పెట్టెలో సైట్ నింపిన వాక్యం తీసేసి మీ పాయింట్లు పెట్టండి. వాట్సాప్‌లో ఉన్నా సరే ఇక్కడా పెట్టండి, రాసే సమయానికి ఆయన ఏ యాప్‌లో ఉంటారో తెలియదు కదా.

మీ పాత రిక్వెస్ట్ ఆయన ఇన్‌బాక్స్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. దాన్ని వెతకమని అడగడం కూడా ఒక పనే. దానికి బదులు మీ ప్రొఫైల్ లింక్ వాట్సాప్‌లో పంపి, “ఇక్కడ `More` నొక్కితే `Recommend` అని వస్తుందన్నా, పాత మెసేజ్ వెతకక్కర్లేదు” అనండి. రిక్వెస్ట్ లేకపోయినా కనెక్షన్‌లో ఉన్నవాళ్లు నేరుగా రాయవచ్చు.

రాశాక అది వెంటనే ప్రొఫైల్ మీదికి ఎక్కదు. ముందు మీకు వస్తుంది, మీరు ఒప్పుకుంటేనే అందరికీ కనిపిస్తుంది. సంబరంలో వెంటనే నొక్కేయకండి, ఒకసారి పూర్తిగా చదవండి. మీ పేరు స్పెల్లింగ్, హోదా, “హి”, “షి” తారుమారు కావడం, ఇవి మామూలే. అన్నిటికంటే ముఖ్యం క్లయింట్ పేరు. సర్వీస్ కంపెనీల్లో చాలా ప్రాజెక్టుల్లో క్లయింట్ పేరు బయట చెప్పకూడదని ఒప్పందం ఉంటుంది. అలవాటులో అది రాసేస్తారు. అక్షరం కూడా మీరు మార్చలేరు, రాసినవాళ్లే మార్చాలి. అందుకు ఆయనకే మార్పు కోరుతూ తిప్పి పంపే వీలు అక్కడే ఉంది.

వచ్చింది మరీ పేలవంగా ఉంటే? “మంచి కుర్రాడు, కష్టపడతాడు, ఆల్ ది బెస్ట్.” ఇలా వస్తుంది, వచ్చే అవకాశమే ఎక్కువ. దాన్ని ఇంకా బాగా రాయమని అడగకండి, ఆయనకి అది మార్కులు వేసినట్టు ఉంటుంది. ఒక్క సంగతి కలపమనండి: “చాలా థాంక్స్ అన్నా. ఆ పన్ను తప్పు పట్టుకున్న విషయం ఒక్క లైన్ కలిపితే ఆటోమేషన్ వాళ్లకి అర్థమవుతుంది.” అలా అడిగితే కలుపుతారు. రెండోసారి మాత్రం తిప్పి పంపకండి. ఉన్నదాన్ని ఒప్పుకుని, ఇంకొకరిని అడగండి.

మీరు ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు కాబట్టి ఇంకొక జాగ్రత్త. ప్రతి రికమండేషన్ పక్కనా తేదీ ఉంటుంది. ఒకే వారంలో మూడు పడితే, మీ ఇప్పటి మేనేజర్ ఎప్పుడైనా అటు చూస్తే ఉద్యోగం వెతుకుతున్నారని ఇట్టే అర్థమైపోతుంది. నెలకి ఒకటి చాలు. అలాగే ఆయన రాసిన రోజే మీరు తిరిగి ఆయనకి రాయకండి. మీరు ఇచ్చినవీ మీ ప్రొఫైల్‌లోనే కనిపిస్తాయి. ఒకే తేదీతో ఇచ్చిపుచ్చుకున్నవి పక్కపక్కన ఉంటే పెళ్లి చదివింపుల లెక్కలా ఉంటుంది. ఆయన గురించి రాయాలని నిజంగా ఉంటే రెండు నెలలు ఆగి రాయండి.

పాయింట్లు పంపాక పది రోజులు ఆగండి. గడువు చెప్పి ఉంటారు కాబట్టి మధ్యలో గుర్తు చేయక్కర్లేదు. పది రోజుల తర్వాత ఒక్కసారి, ఇంకా చిన్నది చేసి అడగండి: “రాయడానికి కుదరకపోతే ఒక వాయిస్ మెసేజ్ చాలన్నా.” దానికీ కదలిక లేకపోతే ఇక ఆయన్ని వదిలేయండి. కొన్ని కంపెనీల్లో మేనేజర్లు ఇలా బహిరంగంగా రాయకూడదని హెచ్ఆర్ నియమం ఉంటుంది, చెప్పడానికి మొహమాటపడుతుంటారు. “చూద్దాం”, “కొంచెం బిజీ”, “నెక్స్ట్ మంత్” అన్న మాటలు వరసగా రెండుసార్లు వినిపిస్తే అది కాదనడమే. అప్పుడు “రాయకపోయినా ఫర్వాలేదన్నా, ఏదైనా కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తే రెండు మాటలు చెప్తారా?” అని అడగండి. రాయడానికి వెనకాడినవాళ్లు ఫోన్‌కి దాదాపుగా ఒప్పుకుంటారు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆ ఫోన్ మాటనే ఎక్కువ నమ్ముతారు.

ఈలోగా పొద్దున్నే మీ రిపోర్ట్ చూసుకుని బగ్‌లు సరిదిద్దిన ఆ డెవలపర్ ఎవరో గుర్తు తెచ్చుకోండి. లీడ్ కోసం ఆగకుండా ఈ రాత్రికే అతనికి మొదటి మెసేజ్ పెట్టండి.